ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్: ఆ ఒక్క అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ప్రజలు గుండెకు ఎకో పరీక్ష చేయించుకోవాలంటే ఒకప్పుడు తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో ప్రయాణం కట్టవలసి వచ్చేది. నేడు ఆ పరీక్ష చాలావరకు దగ్గరికి వచ్చింది. ఇది మంచి మార్పు. అయితే పరీక్ష దగ్గరైనంతగా దాని అర్థం దగ్గర కాలేదు. రెండు పుటల రిపోర్టులో గుండె గదుల కొలతలు, కండరపు మందం, కవాటాల స్థితి, గోడల కదలిక అన్నీ వ్రాసి ఉంటాయి. చదివేవారి చూపు మాత్రం ఒక్క అంకె మీదనే నిలుస్తుంది. అదే ఎజెక్షన్ ఫ్రాక్షన్. రిపోర్టులో దీనిని EF అనో LVEF అనో వ్రాస్తారు.

"సార్, మా నాయనకు గుండె 55 శాతమే పని చేస్తా ఉందంట. మిగతా 45 శాతం చెడిపోయినట్టే కదా?" అన్న ప్రశ్నను మా ప్రాంతంలో వినని వైద్యుడు ఉండడు. ఈ ప్రశ్న అడిగిన కుమారుడు అప్పటికే పొలం పనులు మాన్పించి తండ్రిని మంచం మీద పడుకోబెట్టి ఉంటాడు. నిజానికి 55 శాతం ఆరోగ్యవంతుని అంకె. దీనికి విరుద్ధంగా మరొక ఇంట ఆయాసంతో రాత్రిళ్ళు కూర్చుని నిద్రపోయే తల్లి ఉంటుంది. ఆమె రిపోర్టులో 62 శాతం అని ఉంటుంది. "గుండె బాగుందన్నారు, గ్యాసేమో" అని ఆ ఇంటివారు ఊరుకుంటారు. మొదటి ఇంట లేని జబ్బును చూశారు, రెండవ ఇంట ఉన్న జబ్బును చూడలేదు. ఇద్దరినీ దారి తప్పించింది ఒకే అంకె.

ఎజెక్షన్ ఫ్రాక్షన్ పనికిరాని కొలత అని నేను చెప్పబోవడం లేదు. అది ఎంతో పనికివచ్చే కొలత. కాని అది ఒక నిష్పత్తి మాత్రమే, అదీ చేతితో గీసి కొలిచిన నిష్పత్తి. ఈ రెండు సంగతులు తెలియకుండా ఆ అంకెను బట్టి మందులు మొదలుపెట్టడం, ముఖ్యంగా మందులు మానివేయడం, ప్రమాదకరమని నా అభిప్రాయం. దానికి కారణాలను వివరిస్తాను.

అంకె వెనుక ఉన్న లెక్క

గుండెలోని ఎడమ జఠరిక శరీరమంతటికీ రక్తాన్ని పంపే గది. అది వ్యాకోచించినప్పుడు రక్తంతో నిండుతుంది, ముడుచుకున్నప్పుడు ఆ రక్తంలో కొంత భాగాన్ని బృహద్ధమనిలోకి నెడుతుంది. నిండినప్పుడు ఉన్న రక్తంలో ఎన్నవ వంతు బయటికి పోయిందో చెప్పేదే ఎజెక్షన్ ఫ్రాక్షన్.

ఉదాహరణకు జఠరిక నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఉన్నదనుకుందాం. ముడుచుకున్న తరువాత లోపల 50 మిల్లీలీటర్లు మిగిలింది. బయటికి పోయినది 70. ఆ 70ని 120తో భాగిస్తే 58 శాతం వస్తుంది. ఏ ఆరోగ్యవంతుని గుండె కూడా లోపలి రక్తాన్నంతా బయటికి నెట్టివేయదు, కొంత మిగిలి ఉండడమే ప్రకృతి. అందువలన నూరు శాతం అనేది ఈ కొలతలో చేరవలసిన గమ్యం కాదు. 2015లో అమెరికా, ఐరోపా ఎకో వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం పురుషులలో 52 నుండి 72 వరకు, స్త్రీలలో 54 నుండి 74 వరకు సహజమైన అంకెలు. కనుక 55ను పరీక్షలో వచ్చిన మార్కుల వలె చదవరాదు.

ఇది నిష్పత్తి అన్న మాటలో ఇంకొక మెలిక ఉన్నది. పై గుండె ఒక్కొక్క స్పందనకు 70 మిల్లీలీటర్లు పంపుతున్నది. ఇప్పుడు ఉబ్బి పెద్దదైన మరొక గుండెను తీసుకొందాం. అది నిండినప్పుడు 200 మిల్లీలీటర్లు పడుతుంది. అదీ 70 మిల్లీలీటర్లే పంపుతుంది. దాని ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం. రెండు గుండెలూ పంపే రక్తం సమానమే, అంకె మాత్రం ఒకదానిది 58, మరొకదానిది 35. రెండవ గుండె జబ్బు పడినదే, అందులో సందేహం లేదు. కాని "35 శాతం రక్తమే శరీరానికి అందుతోంది" అన్న అర్థం మాత్రం తప్పు. గుండె సాగి పెద్దదై, తగ్గిన బలాన్ని కొంతకాలం పూడ్చుకొంటుంది. అందుకే 35 శాతం ఉన్నవారు కొందరు మెల్లగా తమ పని తాము చేసుకొంటూ కనిపిస్తారు.

ఇక మూడవ గుండె. ఏండ్ల తరబడి అదుపులో లేని రక్తపు పోటు వలన దాని గోడలు దళసరియై లోపలి గది చిన్నదైపోయింది. నిండినప్పుడు 70 మిల్లీలీటర్లే పడుతుంది, అందులో 45 పంపుతుంది. భాగిస్తే 64 శాతం. ముగ్గురిలో అతి తక్కువ రక్తం పంపుతున్నది ఈ గుండే, అతి మంచి అంకె వచ్చినదీ దీనికే.

మా ప్రాంతం పాడికి పేరుపడినది కనుక లాక్టోమీటరు సంగతి చాలామందికి తెలుసు. పాలలో నీళ్ళు కలిపితే దాని అంకె తగ్గుతుంది, వెన్న తీసివేస్తే పెరుగుతుంది. వెన్న తీసి నీళ్ళు కలిపిన పాలకు సరిగ్గా మంచి పాల అంకె రావచ్చు. అందుకే పాల కేంద్రంలో లాక్టోమీటరుతో ఆగక వెన్న శాతాన్ని కూడా కొలుస్తారు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ కూడా అటువంటిదే. రెండు వేర్వేరు లోపాలు ఒకదానినొకటి కప్పిపుచ్చి మంచి అంకెను చూపగలవు.

చేతితో గీసిన గీత

ఇక కొలిచే పద్ధతికి వద్దాం. ఎకో యంత్రం రక్తాన్ని పాత్రలో పోసి కొలవదు. అది శబ్దతరంగాలతో గుండె చిత్రాన్ని చూపుతుంది. ఆ చిత్రం మీద పరీక్ష చేసేవారు గీతలు గీస్తారు, ఆ గీతల నుండి యంత్రం లెక్క కడుతుంది. సాధారణంగా వాడే పద్ధతులు రెండు.

మొదటిది ఎం-మోడ్ పద్ధతి. గుండెకు అడ్డంగా ఒకే ఒక గీత వేసి, ఎడమ జఠరిక వ్యాసం నిండినప్పుడు ఎంత, ముడిచినప్పుడు ఎంత అని చూస్తారు. టైక్‌హోల్జ్ అనే అమెరికా హృద్రోగ నిపుణుడు, ఆయన సహచరులు 1976లో ప్రకటించిన సూత్రం ఆ ఒక్క వ్యాసం నుండి గది మొత్తం ఘనపరిమాణాన్ని ఊహించి చెబుతుంది. పని నిమిషంలో అయిపోతుంది. కాని దీనికి ఒక షరతు ఉన్నది: గుండె గోడలన్నీ ఒకే విధంగా కదులుతూ ఉండాలి.

రెండవది సింప్సన్ పద్ధతి. ఛాతీ మీద రెండు కోణాల నుండి గుండెను నిలువుగా చూసి, జఠరిక లోపలి అంచు చుట్టూ గీత గీస్తారు. యంత్రం ఆ గదిని చక్రాల దొంతర వలె పలుచని బిళ్ళలుగా విభజించి, ఒక్కొక్క బిళ్ళ పరిమాణాన్ని కూడుతుంది. దీనికి సమయం పడుతుంది, అనుభవం కావాలి, చిత్రం స్పష్టంగా ఉండాలి. ఊబకాయులలోను, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలోను అంచు సరిగ్గా కనబడదు. అయినా పై రెండు సంఘాలూ సాధారణ ఎకోలో సిఫారసు చేసినది ఈ పద్ధతినే. ఎం-మోడ్‌తో లెక్కించిన ఎజెక్షన్ ఫ్రాక్షన్‌ను నిత్య వాడుకకు తీసుకోవద్దని చెప్పాయి.

మంచి పద్ధతిలో కూడా పొరపాటుకు ఎంత తావున్నదో ఒక లెక్క చూడండి. నిండినప్పుడు 110, ముడిచినప్పుడు 55 మిల్లీలీటర్లు ఉన్న గుండెకు ఎజెక్షన్ ఫ్రాక్షన్ సరిగ్గా 50. గీత కొంచెం అటూ ఇటూ కావడం వలన రెండు కొలతలలోనూ 5 మిల్లీలీటర్ల తేడా వచ్చిందనుకొందాం. అయిదు మిల్లీలీటర్లంటే ఒక చిన్న చెంచాడు. ఒకరు 105, 60 అని కొలిస్తే అంకె 43 అవుతుంది. మరొకరు 115, 50 అని కొలిస్తే 57 అవుతుంది. ఒకే గుండె, ఒకే రోజు, ఇద్దరు పరీక్షకులు, చెంచాడు తేడా. ఒక రిపోర్టు "గుండె బలహీనం" అంటుంది, రెండవది "సహజం" అంటుంది. ఇవి రెండు కొసలు కనుక ఇంత తేడా ప్రతిసారీ రాదు. కాని రెండు ఎకోల మధ్య అయిదారు పాయింట్ల తేడా సర్వసాధారణం, పది వరకు కూడా రావచ్చు.

పరీక్ష సమయానికి ఉన్న నాడీ వేగం, రక్తపు పోటు కూడా అంకెను కదిలిస్తాయి. మందు వేసుకోకుండా వచ్చి, ప్రయాణపు బడలికతో పోటు 180 ఉన్నప్పుడు చేయించుకొన్న ఎకోలో గుండె ఆ పోటుకు ఎదురొడ్డి నెట్టవలసి రావడం వలన అంకె తగ్గవచ్చు. నాడి క్రమం తప్పిన వారిలో ఒక్కొక్క స్పందనకు ఒక్కొక్క అంకె వస్తుంది. వారికి కనీసం అయిదు స్పందనలు కొలిచి సగటు చూడాలి.

ఈ అనిశ్చితి నిపుణులకు తెలియనిది కాదు. 2021లో అంతర్జాతీయ హృద్రోగ సంఘాలు కలిసి ఇచ్చిన నిర్వచనంలో "ఎజెక్షన్ ఫ్రాక్షన్ మెరుగుపడింది" అనడానికి మూడు షరతులు పెట్టారు. మొదట అది 40 లేక అంతకు తక్కువ ఉండాలి, తరువాత కనీసం 10 పాయింట్లు పెరగాలి, పెరిగిన అంకె 40 దాటాలి. అంతకంటె చిన్న పెరుగుదలను వారు మెరుగుదలగా లెక్కించలేదు. మన ఇళ్ళలో మాత్రం 48 నుండి 45కు వస్తే దిగులు, 45 నుండి 48కి వస్తే సంబరం.

మూడు ఊళ్ళు, మూడు రిపోర్టులు

ఈ సంగతులన్నీ ఒక మనిషి జీవితంలో ఏ విధంగా కలుస్తాయో చూడడానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్క రోగి చరిత్రా కాదు, అనేక రిపోర్టులలో కనబడే విషయాలను కలిపి కూర్చినది.

పుంగనూరు దగ్గరి పల్లెలో టమోటా పండించే 58 ఏండ్ల రైతు. గుండెపోటు వచ్చి, గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయింది. సకాలంలో చికిత్స అంది ధమని తెరుచుకొన్నది. మూడవ రోజు ఎకోలో అంకె 35. ఇంటివారు భయపడ్డారు. కాని గుండెపోటు తరువాత మొదటి రోజులలో వచ్చే అంకె శాశ్వతం కాదు. రక్తం తిరిగి అందిన తరువాత కూడా కండరంలో కొంత భాగం చావకపోయినా స్తంభించి ఉంటుంది. అది తేరుకోవడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. ప్రాణరక్షణకు ఛాతీలో అమర్చే ఐ.సి.డి. పరికరం విషయంలో కూడా గుండెపోటు తరువాత కనీసం 40 రోజులు ఆగి, మళ్ళీ ఎకో చూసి నిర్ణయించాలని మార్గదర్శకాలు చెప్పడానికి ఇదే కారణం.

ఆరు వారాల తరువాత అతడు మదనపల్లెలో రెండవ ఎకో చేయించుకొన్నాడు. అంకె 57 అని వచ్చింది. 35 నుండి 57! గుండె పూర్తిగా బాగుపడిందని తలచి, ఆస్పిరిన్ ఒక్కటి ఉంచుకొని మిగిలిన మాత్రలు మానివేశాడు. నాలుగు నెలల తరువాత కుప్పంలో కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు మిట్ట ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది, పాదాలు వాచాయి. అక్కడ మూడవ ఎకో తీశారు. అంకె 40. "నాలుగు నెలల్లో 17 పాయింట్లు పడిపోయింది" అని ఇంటిల్లిపాదీ కలవరపడ్డారు.

ఇప్పుడు రిపోర్టులను దగ్గర పెట్టుకొని చదువుదాం. మదనపల్లె రిపోర్టులో జఠరిక వ్యాసం నిండినప్పుడు 5 సెంటీమీటర్లు, ముడిచినప్పుడు 3.5 అని ఉన్నది. అంటే అది ఎం-మోడ్ కొలత. టైక్‌హోల్జ్ సూత్రంలో ఈ రెండు అంకెలూ వేస్తే 57 శాతమే వస్తుంది, లెక్కలో తప్పు లేదు. కాని అదే రిపోర్టు చివర చిన్న అక్షరాలలో మరొక వాక్యం ఉన్నది: గుండె కొన, దానిని ఆనుకొన్న ముందు గోడ కింది భాగం కదలడం లేదు. ఎం-మోడ్ గీత గుండె పై భాగం మీదుగా పోతుంది. ఇతనికి దెబ్బ తిన్నది కొన. ఆరోగ్యంగా ఉన్న పై భాగాన్ని కొలిచి, గుండె అంతా అదే తీరున ఉన్నదని సూత్రం ఊహించింది. చేను గట్టున పచ్చగా ఉన్న సాలును చూసి మొత్తం దిగుబడి అంచనా వేసినట్టు అయింది.

కుప్పం రిపోర్టు సింప్సన్ పద్ధతిలో చేసినది. నిండినప్పుడు 130, ముడిచినప్పుడు 78 మిల్లీలీటర్లు, అంటే 40 శాతం. అదృష్టవశాత్తు మదనపల్లె పరీక్ష తాలూకు సి.డి. ఇంట్లో ఉన్నది. ఆ పాత చిత్రాల మీదనే సింప్సన్ పద్ధతిలో మళ్ళీ గీత గీస్తే 124, 71 వచ్చాయి. అంటే 43 శాతం. 43కు, 40కి మధ్య తేడా కొలత పొరపాటు పరిధిలోనిదే. 17 పాయింట్ల పతనం అనేది జరగనే లేదు. పద్ధతి మాత్రమే మారింది.

మరి ఆయాసం ఎందుకు వచ్చింది? ఇదే ఈ ఉదాహరణలో నేను ముఖ్యంగా చెప్పదలచినది. అంకె దాదాపు అక్కడే ఉన్నా జబ్బు ముదిరింది. కుప్పం రిపోర్టులో ఎడమ కర్ణిక పెద్దదైనట్టు, జఠరిక నిండే పీడనాన్ని సూచించే E/e' అనే నిష్పత్తి 18 ఉన్నట్టు వ్రాసి ఉన్నది. ఈ నిష్పత్తి 14 దాటితే లోపలి పీడనం పెరిగి ఉండవచ్చునని అనుమానించాలి. పీడనం పెరిగితే రక్తం ఊపిరితిత్తులలో నిలిచి ఆయాసం వస్తుంది. బలహీనపడిన గుండెకు ఊతంగా ఉన్న మాత్రలు మానినందువలన ఆ పీడనం పెరిగింది. మాత్రలు మాన్పించినది 57 అనే అంకె. ఆ అంకె పక్కన "ఎం-మోడ్" అన్న మాట, దాని కింద "కొన కదలడం లేదు కనుక ఈ అంకె నమ్మదగినది కాదు" అన్న ఒక్క వాక్యం ఉన్నట్లయితే కథ వేరుగా ఉండేది.

మంచి అంకె, మంచి గుండె కాదు

అంకె సహజంగా ఉండి కూడా గుండె విఫలం కావచ్చునని పైన మూడవ గుండె ఉదాహరణలో చూశాము. ఇది అరుదైన వింత కాదు. పొరుగున కేరళలో 2013లో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రులలో హృదయ వైఫల్యంతో చేరిన 1205 మందిని నమోదు చేసి పరిశీలించారు. వారిలో సుమారు నాలుగవ వంతు మందికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గలేదు. వీరిలో గుండె ముడుచుకోవడంలో కంటె సడలడంలో లోపం ఎక్కువ. గోడలు బిరుసెక్కి, నిండవలసినంత నిండదు, నిండడానికి ఎక్కువ పీడనం కావాలి. ఎక్కువగా వయసు మీరినవారు, స్త్రీలు, పాత రక్తపు పోటు, మధుమేహం, ఊబకాయం ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. రాత్రి పడుకొంటే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు ఉండి, ఎకోలో 62 అని వస్తే "గుండె జబ్బు లేదు" అని తేల్చరాదు. ఎడమ కర్ణిక పరిమాణం, గోడల మందం, E/e' చూడాలి. అవసరమైతే ఎన్‌టి-ప్రోబిఎన్‌పి అనే రక్తపరీక్ష చేయాలి.

కవాటం కారుతున్నవారిలో మోసం మరింత గడుసుది. ద్విపత్ర కవాటం సరిగ్గా మూసుకోకపోతే జఠరిక ముడిచినప్పుడు రక్తం ముందుకే కాక వెనుక కర్ణికలోకి కూడా పోతుంది. జఠరికలో 180 మిల్లీలీటర్లు ఉండి 110 బయటికి పోయిందనుకొందాం. అంకె 61. కాని ఆ 110లో 50 వెనుకకు పోయినది. శరీరానికి అందినది 60 మాత్రమే. వెనుక దారి సులువు కనుక బలహీనపడుతున్న కండరం కూడా మంచి అంకెను చూపగలదు. అందువలననే తీవ్రంగా కారే ద్విపత్ర కవాటం విషయంలో అంకె 60కి దిగినా, ముడిచినప్పటి వ్యాసం 4 సెంటీమీటర్లకు చేరినా, శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసిన సమయం వచ్చినట్టేనని మార్గదర్శకాలు చెబుతాయి. ఇతరులకు నిశ్చింత కలిగించే 60, వీరికి హెచ్చరిక. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వలన కవాటాలు చెడినవారు మన పల్లెలలో ఇంకా ఉన్నారు కనుక ఈ సంగతి మనకు దూరపుది కాదు.

అంకె బాగుపడితే మందులు మానవచ్చునా?

కొందరికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ నిజంగానే, సరైన పద్ధతిలో కొలిచినా, సహజస్థితికి వస్తుంది. కండరం జబ్బు వలన గుండె ఉబ్బినవారిలో మందుల వలన ఈ మేలు కలగడం చూస్తాము. అప్పుడు వారు సహజంగానే అడుగుతారు: "బాగైంది కదా సార్, ఇంకా ఎందుకు మందులు?"

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఇంగ్లండులో ఒక పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అంకె సహజస్థితికి వచ్చి, లక్షణాలేవీ లేని 51 మందిని ఎన్నుకొన్నారు. 25 మందికి వైద్యుల పర్యవేక్షణలో మందులను క్రమంగా తగ్గించి ఆపారు, 26 మందికి కొనసాగించారు. ఆరు నెలలలో మందులు ఆపినవారిలో 11 మందికి, అంటే నూటికి 44 మందికి, జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. చిన్న పరిశోధనే కాని ఫలితం స్పష్టం. సహజమైన అంకె వచ్చినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు, మందులు జబ్బును అణచి ఉంచాయని అర్థం. రక్తపు పోటు మాత్ర వేసుకొని పోటు 120కి వచ్చినప్పుడు ఆ మాత్ర మానివేయరాదని మనకు తెలుసు. ఇదీ అంతే.

నెలకు కొన్ని వందలో, వేలో మాత్రలకు పెట్టలేక మానేవారు ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను. కాని ఆ మాట వైద్యునికి చెప్పాలి. అదే జాతికి చెందిన చవక మందులు ఉంటాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికేవి ఉంటాయి, ఏవి ముందు నిలుపుకోవాలో చెప్పవచ్చు. అంకె చూసి తమంతట తాము మానడం కంటె అది ఎంతో మేలు.

మరి ఈ అంకె ఎందుకు?

ఇన్ని లోపాలున్నప్పుడు దీనిని వదిలివేయరాదా అని అడగవచ్చు. వదలరాదు. హృదయ వైఫల్యంలో ఆయుష్షును పెంచుతాయని గట్టిగా ఋజువైన మందులలో చాలావాటిని 40 లేక అంతకు తక్కువ అంకె ఉన్నవారిలోనే పరీక్షించారు. ఐ.సి.డి. నిర్ణయంలో 35 ఒక హద్దు. 25 అని వచ్చిన అంకె కొలత పొరపాటు వలన 60 కాజాలదు. దిగువన ఉన్న అంకె ఎప్పుడూ శ్రద్ధకు తగినదే. చిక్కంతా హద్దుల దగ్గర, అంటే 35, 40, 50 ప్రాంతాలలో వస్తుంది. చికిత్సను మార్చే నిర్ణయం అటువంటి హద్దు మీద ఆధారపడినప్పుడు ఒక్క ఎకోతో తీర్మానించక, అదే పద్ధతిలో మళ్ళీ కొలిపించడం, సందేహం తీరకపోతే గుండె ఎం.ఆర్.ఐ. చేయించడం న్యాయం.

ఎకో చేసే వైద్యులకు, సాంకేతిక నిపుణులకు నా విన్నపం ఇది. అంకె పక్కన పద్ధతి పేరు వ్రాయండి. కంటి అంచనా అయితే కంటి అంచనా అనే వ్రాయండి, అందులో చిన్నతనమేమీ లేదు, అనుభవజ్ఞుని కన్ను చాలాసార్లు మంచి కొలమానమే. సింప్సన్ అయితే రెండు ఘనపరిమాణాలను ఇవ్వండి. గోడ కదలికలో లోపమున్న గుండెకు ఎం-మోడ్ అంకె ఇవ్వకండి. పరీక్షనాటి నాడీ వేగం, రక్తపు పోటు వ్రాయండి. వీటన్నిటికీ కలిపి రిపోర్టులో రెండు పంక్తులు పడతాయి.

రోగులూ వారి బంధువులూ చేయవలసినది ఇంకా తేలిక. ఎకో తీయించిన ప్రతిసారీ రిపోర్టుతో పాటు చిత్రాల సి.డి. అడిగి తీసుకొని, పాతవాటితో కలిపి ఒకే సంచిలో దాచండి. వీలైతే మళ్ళీ మళ్ళీ చేయించవలసిన ఎకోను ఒకేచోట చేయించండి. రెండు రిపోర్టుల అంకెలను పోల్చేముందు రెండూ ఒకే పద్ధతివా అని వైద్యుని అడగండి. ఆయాసం, పాదాల వాపు, రెండు మూడు రోజులలో రెండు కిలోల బరువు పెరగడం, రాత్రి దిండ్లు ఎత్తు పెట్టుకోవలసి రావడం వంటివి కనబడితే, చేతిలోని రిపోర్టు 60 అన్నా సరే, ఆలస్యం చేయక వైద్యుని దగ్గరికి వెళ్ళండి. అవేవీ లేకుండా అంకె 55 అని ఉంటే, మీ నాయనను మంచం మీద నుండి లేపి పొలానికి పోనివ్వండి.